రిజెక్ట్ అని రాస్తే చాలదు, ఎంత తేడానో రాయాలి

ఈ పోస్టు కొంచెం పొడుగే. ఫౌండ్రీలో, మెషిన్ షాపులో, సైటు స్టోరులో చేసేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి. నాలుగు ముక్కల ఈమెయిల్ ఒకటి ఆరుగురి కూలికి ఎలా అడ్డం పడిందో చెప్తున్నాం. దాని మీద మా అభిప్రాయం కూడా రాస్తున్నాం.

ఇక్కడ ఫ్రీమాంట్‌లో మేము చేస్తున్నది ప్రైవేటు స్థలం పని. పార్కింగ్ లాటు, లోపలి రోడ్లు, కింద డ్రైనేజీ లైను. ఫెడరల్ గవర్నమెంటు డబ్బుతో వేసే రోడ్లకైతే అమెరికాలో పోసిన ఇనుమే వాడాలన్న రూలుంది. ప్రైవేటు పనికి అది లేదు. అందుకే మా సప్లయర్ ఇండియా నుంచి మ్యాన్‌హోల్ మూతలు తెప్పించాడు. మూత మీద అచ్చులోనే ఇండియా అని పోసి ఉంటుంది. బయటి దేశం మూతైతే పై ముఖం మీద చెరగకుండా దేశం పేరు ఉండాలని ఇక్కడి చట్టం. ఊరికి ఇంత దూరంలో నేల మీద ఆ పేరు కనిపిస్తే మనకి కొంచెం సంతోషమే. కానీ ఈసారి ఆ మూతలు ఫ్రేములో బిగిసిపోయాయి.

కొత్తగా పెట్టినప్పుడు మూత ఫ్రేములోకి దిగింది. రెండు రోజులు లారీలు తిరిగి, సందులో ఇసుక చేరాక గడ్డపార వేసి లేపినా కొన్ని రాలేదు. మేము సప్లయర్‌కి చెప్పాం. ఆయన తన యార్డులో ఉన్న మిగతా మూతలు కొలిపించాడు. లాట్ మొత్తం 200. అందులో 20 కొలిచారు. తర్వాత ఫౌండ్రీకి మెయిల్ కొట్టాడు. ఆ మెయిల్ సారాంశం ఇది: మీరు పంపిన 200 మూతల కొలతలు డ్రాయింగ్‌కి సరిపోవడం లేదు, లాట్ మొత్తం రిజెక్ట్ చేస్తున్నాం, పేమెంటు ఆపుతున్నాం, కారణం 7 రోజుల్లో రాయండి.

అంతే. 20 మూతలు కొలిచిన లెక్క ఆయన పుస్తకంలో ఉంది, మెయిల్‌లో మాత్రం ఒక్క అంకె లేదు.

ఆ ఫౌండ్రీ కోయంబత్తూరు వైపుది. అందులో మా ఊరి కుర్రాడు మోల్డింగ్‌లో చేస్తాడు. మెయిల్ వెళ్లిన మూడో రోజు ఫోన్ చేశాడు. మేనేజరు మెయిల్ చూసి మోల్డింగ్ కాంట్రాక్టర్‌ని పిలిచాడంట. కాంట్రాక్టర్ వచ్చి, "మీరు ఇసుక సరిగ్గా కూరలేదు, బాక్సు ఉబ్బింది, మూత పెద్దదైంది" అని తేల్చేశాడంట. పీసుకి ఇంత అని కూలి కదా, ఆ 200 పీసుల కూలి ఆపేశారు. ఆరుగురు మనుషులు, ఇద్దరు శ్రీకాకుళం వైపు, మిగతావాళ్లు ఒరిస్సా, బీహార్. తప్పు వాళ్లదని ఎవరూ కొలిచి చెప్పలేదు. మెయిల్‌లో అంకె లేదు కాబట్టి ఎవరి మీద వేసినా కాదనడానికి ఆధారం లేదు.

మా మాట ఇదీ. రిజెక్ట్ చేసే హక్కు కొన్నవాడికి ఉంది. ఆ మూతలు రిజెక్ట్ కావాల్సినవే, మేము చేత్తో చూశాం. కానీ కొలత తేడా మీద రిజెక్ట్ చేసినప్పుడు, ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఎన్ని కొలిచారు, దేంతో కొలిచారు అన్నది ఆ మెయిల్‌లోనే రాయాలి. మర్యాద కోసం అడుగుతున్న మాట కాదిది. తప్పు ఎక్కడ పుట్టిందో ఆ అంకెలే చెప్తాయి. అవి లేకపోతే తప్పు అందరికంటే కింద ఉన్నవాడి మీదకి దొర్లుతుంది.

అంకెలు ఎలా చెప్తాయో ఈ మూత మీదే చూద్దాం.

డ్రాయింగ్‌లో మూత వ్యాసం 654 మిల్లీమీటర్లు. అటూ ఇటూ ఒకటిన్నర మిల్లీమీటరు వదిలారు. అంటే 652.5 నుంచి 655.5 దాకా ఏదైనా పాసే. మేము సప్లయర్‌ని అడిగి ఆ పుస్తకం పేజీ ఫోటో తీసుకున్నాం. 20 మూతల్లో అన్నిటికంటే చిన్నది 656.8, అన్నిటికంటే పెద్దది 657.6. సగటు 657.2. ఒక్కటి కూడా పాస్ కాలేదు. అయితే ఇంకో సంగతి చూడండి. 20 మూతల మధ్య తేడా మొత్తం 0.8 మిల్లీమీటరే. అన్నీ పెద్దవే, అన్నీ దాదాపు ఒకే కొలతన పెద్దవి.

ఇసుక కూరడం వదులైతే ఇలా రాదు. మోల్డింగ్ చేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఇసుక మెత్తగా ఉంటే కరిగిన ఇనుము బరువుకి అచ్చు గోడ వెనక్కి జరుగుతుంది. ఎక్కడ మెత్తగా ఉందో అక్కడ ఉబ్బుతుంది. ఒక బాక్సులో ఈ పక్క, ఇంకో బాక్సులో ఆ పక్క. ఒకటి ఒక మిల్లీమీటరు, ఇంకోటి నాలుగు. మూత గుండ్రం పోతుంది, ఒక వైపు కొలిస్తే ఒకటి, అడ్డంగా కొలిస్తే ఇంకోటి వస్తుంది. కొలతలు చెల్లాచెదురుగా ఉంటాయి. ఆరుగురు మనుషులు, రెండు షిఫ్టులు, 200 బాక్సులు. అందరూ కూడబలుక్కుని ఒకే కొలతకి వదులుగా కూరడం మనిషి వల్ల అయ్యే పని కాదు.

పై బాక్సు, కింది బాక్సు కలిపే పిన్నులు అరిగితే ఇంకో రకం తేడా వస్తుంది. పై సగం ఒక పక్కకి జరుగుతుంది. అంచు మీద వేలు పెట్టి తిప్పితే మెట్టులా తగులుతుంది. జరిగిన వైపు కొలిస్తే ఎక్కువ వస్తుంది, దానికి అడ్డంగా కొలిస్తే సరిగ్గానే ఉంటుంది. ఈ మూతలకి మెట్టు లేదు, రెండు వైపులా కొలత ఒకటే.

కొలతలన్నీ ఒకచోట గుంపుగా ఉండి, ఆ గుంపు మొత్తం పక్కకి జరిగి ఉంటే, చూడాల్సింది అచ్చు తీసే ప్యాటర్న్. ఎందుకంటే 200 మూతలకీ అందులో ఉమ్మడిగా ఉన్నది అదే.

ప్యాటర్న్ ఎప్పుడూ మూతకంటే కొంచెం పెద్దగా చేస్తారు. ఇనుము కరిగి అచ్చులోకి వెళ్లి చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. మామూలు పోత ఇనుము ముడుపు సుమారు నూటికి ఒకటి. పాత మేస్త్రీల లెక్కలో అడుగుకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇత్తడి ఇంకా ఎక్కువ ముడుస్తుంది, సుమారు నూటికి ఒకటిన్నర. ప్రతిసారీ లెక్క కట్టకుండా ప్యాటర్న్ మేస్త్రీల దగ్గర వేరే స్కేళ్లుంటాయి. ఇనుము స్కేలు మీద గీతలు మామూలు స్కేలుకంటే నూటికి ఒకటి దూరంగా ఉంటాయి. ఇత్తడి స్కేలు మీద ఇంకొంచెం దూరం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మూల మీద పేరు చూసుకోవాలి.

ఇప్పుడు లెక్క. 654కి నూటికి ఒకటి కలిపితే ప్యాటర్న్ 660.5 ఉండాలి. నూటికి ఒకటిన్నర కలిపితే 663.8 అవుతుంది. 663.8 ప్యాటర్న్‌తో ఇనుము పోస్తే, ఇనుము తన ముడుపే ముడుస్తుంది కాబట్టి మూత 657.2 దగ్గర వస్తుంది. సప్లయర్ పుస్తకంలో సగటు అదే.

మేము ఆ పేజీ ఫోటో కుర్రాడికి పంపి, "ప్యాటర్న్ ఎంతుందో కొలవమని మీ క్వాలిటీ ఆయన్ని అడుగు" అన్నాం. మొదట ఆయన పట్టించుకోలేదంట. అంకెలు చూపించాక కొలిచాడు. 663.8 వచ్చింది. ఐదు నిమిషాల పని. ప్యాటర్న్ షాపులో ఎవరో ఇత్తడి స్కేలు పెట్టి చేశారు.

మరి మొదటి శాంపిల్ ఎలా పాసైంది అని అడుగుతారు. మేమూ అడిగాం. శాంపిల్ మూతని కొలవలేదు, ఒక ఫ్రేములో పెట్టి చూశారు. దిగింది, పాస్ అన్నారు. ఫ్రేము లోపలి కొలత డ్రాయింగ్‌లో 660, దానికీ అటూ ఇటూ ఒకటిన్నర. ఫ్రేము 661 ఉంటే 657.2 మూత సుఖంగానే దిగుతుంది, సందు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. మా సైటులో కొన్ని ఫ్రేములు 658.7 ఉన్నాయి. అవీ డ్రాయింగ్ ప్రకారం పాసే. అక్కడ సందు ఒకటిన్నర, అంటే ఒక్కో పక్క ముప్పావు మిల్లీమీటరు. ఇసుక రేణువు ఇరుక్కుంటే మూత ఇక లేవదు. ఒక ఫ్రేములో దిగడం వేరు, పాస్ అయిన ప్రతి ఫ్రేములోనూ దిగి, మళ్లీ లేవడం వేరు. డ్రాయింగ్‌లో కొలత రాసేది ఆ రెండోదాని కోసం.

ఇక ఫౌండ్రీ వాళ్లు ఇచ్చిన మొదటి జవాబు చూడండి. ఐఎస్ఓ 8062 గ్రేడు 11 ప్రకారం మా మూతలు పాసే అన్నారు. అది అబద్ధం కాదు. పోత సామాను కొలతలకి అది జనరల్ రూలు. మూత సైజుకి గ్రేడు 11లో మొత్తం 8 మిల్లీమీటర్ల వెసులుబాటు, అటు నాలుగు, ఇటు నాలుగు. మన మూత 3.2 పెద్దది, కాబట్టి పాస్. అదే గ్రేడు 10 అయితే మొత్తం 6, అటూ ఇటూ మూడు, అప్పుడు సగటు మూత ఫెయిల్. డ్రాయింగ్ ఒకటిన్నర ప్రకారమైతే పూర్తిగా ఫెయిల్. ఒకే మూత, కొలత మారలేదు, ఏ రూలు పెట్టి చూశారన్నదాన్ని బట్టి పాసో ఫెయిలో అవుతోంది. డ్రాయింగ్ మీద ఆ కొలత పక్కనే వెసులుబాటు రాసి ఉంటే అదే లెక్క, జనరల్ రూలు ఏమీ రాయని కొలతలకి. మెయిల్‌లో డ్రాయింగ్ నంబరు, దాని రివిజన్, ఆ ఒకటిన్నర అన్న అంకె ఉంటే ఈ వాదనకి చోటే ఉండేది కాదు. ఈ ఒక్కదాని మీద పది రోజులు మెయిళ్లు అటూ ఇటూ తిరిగాయి. ఆ పది రోజులూ ఆరుగురి కూలి ఆగే ఉంది.

దేంతో కొలిచారన్నది కూడా రాయాలి. గుండ్రటి సామానుకి జేబు టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా మధ్యలోంచి పోయిందో లేదో తెలియదు. కొంచెం పక్కకి పోయినా కొలత తగ్గిపోతుంది. పెద్ద వెర్నియర్‌తో రెండు వైపులా కొలవాలి, లేకపోతే చుట్టూ చుట్టి వ్యాసం చూపించే టేపు వాడాలి. మా సప్లయర్ మనిషి వెర్నియర్‌తోనే, రెండు వైపులా కొలిచాడు. మంచి పని చేశాడు, కానీ ఆ సంగతి రాయలేదు. రాయకపోయేసరికి అవతల నుంచి "ఎండలో పెట్టి కొలిచారేమో, ఇనుము సాగి ఉంటుంది" అన్నారు. దానికీ లెక్క ఉంది. మీటరు ఇనుము ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో నూరో వంతు సాగుతుంది. ఈ మూత 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కినా పెరిగేది 0.2 మిల్లీమీటరు. 3.2కి అది జవాబు కాదు.

ఒక హద్దు మాత్రం మేము ఒప్పుకుంటాం. 20 కొలిచి 200కి తీర్పు చెప్పడం అన్నిసార్లూ కుదరదు. ఫౌండ్రీలో రెండు ప్యాటర్న్‌లు నడుస్తుంటే, ఒకటి సరైనది, ఇంకోటి తప్పుది అయ్యుండొచ్చు. అప్పుడు లాట్‌లో సగం మంచివే ఉంటాయి. అందుకే కొలిచిన ప్రతి మూత మీద పోసి ఉన్న ప్యాటర్న్ నంబరు, పోత తేదీ గుర్తు కూడా రాసుకోవాలి. ఇక్కడ ఒకటే ప్యాటర్న్ కాబట్టి సరిపోయింది.

ఇంకో మాట. రిజెక్ట్ అన్నంత మాత్రాన తుక్కు అని కాదు. మెయిల్‌లో రిజెక్ట్ అని రాసి, సామాను ఏం చేయాలో రాయకపోతే రెండు వైపులా నష్టం. తిరిగి పంపాలా, ఇక్కడే బాగు చేయించాలా, తేడాతోనే ఒప్పుకుంటారా, తుక్కుకి వేయాలా? ఈ మూతలు చిన్నవై ఉంటే చేసేదేమీ లేదు, ఇనుము అతికించలేం. పెద్దవి కాబట్టి ఒక్కో పక్క 1.6 మిల్లీమీటర్లు లేతు మీద చెక్కితే 654కి వస్తాయి. సముద్రం మీద తిరిగి పంపే ఖర్చుకంటే అది తక్కువ. చివరికి ఇక్కడి మెషిన్ షాపులోనే చెక్కించారు, అంచుకి మళ్లీ రంగు వేయించారు, ఖర్చు ఫౌండ్రీ బిల్లులో కోశారు. ఈ నిర్ణయం మొదటి మెయిల్‌లోనే ఉండొచ్చు. అంకెలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

కొందరు సూపర్‌వైజర్లు మాతో వాదించారు. "కొన్నవాడికి కారణాలు వెతికే ఖర్మేంటి, తప్పు చేసినవాడే వెతుక్కుంటాడు" అని. కారణం వెతకమని మేమూ అనడం లేదు. ప్యాటర్న్ తప్పా, మనిషి తప్పా అని సప్లయర్ రాయక్కర్లేదు. రాయకపోవడమే మంచిది కూడా, ఆయన ఆ షాపు చూడలేదు. కొలిచింది మాత్రం దాచకుండా పంపమంటున్నాం. ఇంకొకరు అన్నారు, "నిజంగా మోల్డర్లదే తప్పైతే అంకెలు వాళ్లనే పట్టిస్తాయి కదా" అని. పట్టించనివ్వండి. కొలతలు చెల్లాచెదురుగా వచ్చి, గుండ్రం పోయి, ఉబ్బు కనిపిస్తే అది కూరడంలో తప్పే. అప్పుడు కూడా ఇసుకలో తేమ ఎంత, బాక్సు బరువెంత అని చూడాలి. కానీ అది ఆధారం మీద మాట్లాడినట్టు ఉంటుంది.

ఒకప్పుడు ఈ సంగతి ఇంత కష్టం కాదు. మాకు దగ్గర్లోనే బర్క్‌లీలో పసిఫిక్ స్టీల్ కాస్టింగ్ అని పెద్ద ఫౌండ్రీ ఉండేది. వాళ్లు పోసేది ఉక్కు, మూతలు కాదు. అక్కడా చేతులు ఎక్కువగా వలస వచ్చినవాళ్లవే, మెక్సికో వైపువాళ్లవి. 2011లో ఫెడరల్ గవర్నమెంటు కాగితాల తనిఖీ వల్ల సుమారు 200 మంది పని పోగొట్టుకున్నారు. 2018లో ఆ ఫౌండ్రీయే మూతపడింది. అలాంటిది దగ్గరుంటే కొన్నవాడు సామాను బండిలో వేసుకుని పోయి, ప్యాటర్న్ పక్కన పెట్టి చూపించొచ్చు. ఇప్పుడు మధ్యలో సముద్రం ఉంది. కొన్నవాడి కళ్లు, చేతులు, వెర్నియర్, అన్నీ ఆ మెయిలే. అందులో రాయనిది అవతలివాడికి కనపడదు.

స్టోరులో, క్వాలిటీలో చేసే తమ్ముళ్లు ఇలాంటి మెయిల్‌కి వివరాలు ఇచ్చేటప్పుడు ఈ మాత్రం ఇవ్వండి. మా కేసుకి రాస్తే ఇలా ఉంటుంది:

"ఆర్డర్ నంబరు, డ్రాయింగ్ నంబరు, రివిజన్ ఇవి. లాట్ 200. కొలిచినవి 20, వాటి మీద ప్యాటర్న్ నంబరు 1. వ్యాసం ఉండాల్సింది 654, అటూ ఇటూ 1.5. వచ్చింది 656.8 నుంచి 657.6, సగటు 657.2. వెర్నియర్‌తో, ఒక్కోటి రెండు వైపులా కొలిచాం. 20 కొలతల షీటు జత చేశాం. అన్నీ పెద్దవి, మెట్టు లేదు, గుండ్రం బాగుంది. మిగతా సామాను పక్కన పెట్టాం. ఇక్కడే చెక్కించడానికి ఒప్పుకుంటే ఖర్చు రాస్తాం. మీ ప్యాటర్న్ కొలత మాకు పంపండి."

ఇంత రాయడానికి పది నిమిషాలు. ఇది వెళ్లి ఉంటే అదే రోజు ప్యాటర్న్ కొలిచేవారు.

ఫౌండ్రీలో చేసే అన్నలకి ఒకటే మాట. లాట్ రిజెక్ట్ అయింది, కూలి కోస్తాం అంటే, కాగితం మీద వేలు పెట్టేముందు రెండు అడగండి: కొన్నవాడు పంపిన కొలతల షీటు ఏది, ప్యాటర్న్ కొలిస్తే ఎంత వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా పర్వాలేదు, అంకెలు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. అంకెలు ఒకచోట గుంపుగా ఉంటే ముందు ప్యాటర్న్ చూడమనండి. చెల్లాచెదురుగా ఉంటే మన బాక్సులు మనం చూసుకుందాం.

ఆ ఆరుగురికి ఆపిన కూలిలో సగం వచ్చింది. మిగతా సగం వచ్చే లాట్‌లో ఇస్తామన్నారంట. ప్యాటర్న్ 663.8 అని వాళ్ల క్వాలిటీ పుస్తకంలోనే రాసి ఉంది కాబట్టి అడగడానికి ఈసారి ఆధారం ఉంది. కుర్రాడు ఆ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకున్నాడు.